గోడ మీది పటం, నిలబడాల్సిన చోటు



ఈ స్మారకోపన్యాసం ఒక గణితోపాధ్యాయుడి పేరున ఏర్పాటైంది. ఇంటర్మీడియట్ పిల్లలకు అవకలనం నేర్పిన మనిషిని తలుచుకోవడానికి అవకలనంలోని ఒక లెక్కను తీసుకుని, దాన్ని చివరిదాకా విప్పి చూడటం కన్నా తగిన పని లేదు. అందుకే ఈ సాయంత్రం గరిష్ఠ, కనిష్ఠాల అధ్యాయంలో కనబడే పాత లెక్క ఒకటి ఎంపికైంది. గోడకు ఎత్తుగా ఒక పటం వేలాడుతోంది. చూసేవాడు ఎంత దూరంలో నిలబడితే ఆ పటం అతని కంటికి అన్నిటికన్నా పెద్దగా కనిపిస్తుంది? పరీక్షలో ఈ ప్రశ్నకు నాలుగైదు పంక్తుల్లో జవాబు వచ్చేస్తుంది. ఆ పంక్తుల తరువాత మిగిలే విషయమే ఎక్కువ.

తెలుగు ఇళ్లలో ఈ ప్రశ్నకు చోటు వెతకనక్కర్లేదు. పాత ఇళ్లలో తాతముత్తాతల ఫొటోలు, దేవుడి పటాలు గుమ్మం పైన వరసగా ఉంటాయి. మేకు తలకన్నా బాగా ఎత్తున ఉంటుంది. పటం అడుగు అంచు కూడా మనిషి కంటిమట్టానికి పైనే ఉంటుంది. ఈ చివరి మాట చిన్నదిగా కనిపించినా లెక్క అంతా దాని మీదే నిలబడి ఉంది. కారణం తరువాత తేలుతుంది.

పెద్దగా కనిపించడం అంటే ఏమిటో ముందు తేల్చుకోవాలి. కంటి నుంచి పటం పై అంచుకు ఒక గీత, అడుగు అంచుకు మరో గీత గీస్తే వాటి నడుమ ఏర్పడే కోణమే చూపుకోణం. వస్తువు ఎంత పెద్దగా కనిపిస్తుందో ఆ కోణమే చెబుతుందన్నది గ్రీకు గణితజ్ఞుడు యూక్లిడ్ దృష్టిశాస్త్ర గ్రంథం నాటి నుంచీ ఉన్న ఆలోచన. పటానికి మరీ దూరంగా వెళ్తే ఈ కోణం తగ్గుతుంది. అది అందరికీ తెలిసిందే. గోడను ఆనుకుని నిలబడి తల పైకెత్తినా తగ్గుతుంది. అప్పుడు పటం దాదాపు అంచు మీదుగా కనిపించి సన్నని చీలికలా మారిపోతుంది. రెండు కొసల్లోనూ కోణం సున్నా వైపు పోతున్నప్పుడు నడుమ ఎక్కడో ఒక చోట అది గరిష్ఠం కావాలి.

1471 నాటి ఉత్తరం

ఈ ప్రశ్నను నమోదు చేసినవాడు జర్మనీకి చెందిన ఖగోళ, గణిత పండితుడు రెజియోమాంటానస్. అసలు పేరు యోహానెస్ ముల్లర్. 1436లో పుట్టి 1476లో రోములో చనిపోయాడు. త్రిభుజాల మీద ఆయన రాసిన గ్రంథం త్రికోణమితిని ఐరోపాలో స్వతంత్ర శాస్త్రంగా నిలబెట్టింది. అది అచ్చయింది మాత్రం ఆయన పోయాక చాలా కాలానికి, 1533లో. 1471లో ఆయన ఎర్ఫుర్ట్ నగరంలోని క్రిస్టియన్ రోడర్ అనే ఆచార్యుడికి కొన్ని సమస్యలతో ఒక ఉత్తరం రాశాడు. వాటిలో ఒకటి: నిట్టనిలువుగా వేలాడే కడ్డీ, నేల మీద ఏ బిందువు నుంచి చూస్తే అన్నిటికన్నా పొడవుగా కనిపిస్తుంది?

కడ్డీ స్థానంలో పటాన్ని పెడితే ఇదే లెక్క. ప్రాచీన గ్రీకుల తరువాత గణిత చరిత్రలో ఎదురయ్యే తొలి గరిష్ఠ సమస్యల్లో ఒకటిగా దీన్ని చరిత్రకారులు లెక్కిస్తారు. అప్పటికి అవకలనం లేదు. గరిష్ఠ, కనిష్ఠాలను అవకలనంతో కనుక్కునే పద్ధతిని లైబ్నిజ్ అచ్చువేసింది 1684లో. అంటే ప్రశ్న పుట్టిన రెండు వందల ఏళ్లకు పైగా గడిచాక దాన్ని యథాలాపంగా తేల్చే పనిముట్టు వచ్చింది.

లెక్క

ఒక పటాన్ని అంకెలతో తీసుకుంటే దారి సులువవుతుంది. పటం ఎత్తు 60 సెంటీమీటర్లు. దాని అడుగు అంచు నేల నుంచి 210 సెంటీమీటర్ల ఎత్తున, అంటే సుమారు ఏడు అడుగుల గుమ్మానికి తగ్గ ఎత్తున ఉంది. చూసేవారి కన్ను నేల నుంచి 150 సెంటీమీటర్ల ఎత్తున ఉంది. అప్పుడు కంటిమట్టం నుంచి అడుగు అంచు ఎత్తు a = 60, పై అంచు ఎత్తు b = 120. గోడకూ కంటికీ నడుమ దూరం x.

పై అంచును చూసే చూపు, కంటిమట్టంతో చేసే కోణపు టాన్ విలువ b/x. అడుగు అంచుకు అది a/x. చూపుకోణం ఆ రెండు కోణాల తేడా:

θ = tan⁻¹(b/x) − tan⁻¹(a/x)

దీన్ని x పరంగా అవకలనం చేస్తే వచ్చేది:

θ′ = a/(x² + a²) − b/(x² + b²)

రెండు భిన్నాలనూ ఒకే హారం కిందికి తెస్తే లవంలో ఒక అందమైన కారణాంక విభజన బయటపడుతుంది:

θ′ = (b − a)(ab − x²) / [(x² + a²)(x² + b²)]

ఇక్కడ ఒక్క క్షణం ఆగి చూడాలి. హారం ఎప్పుడూ ధనాత్మకమే. b − a అంటే పటం ఎత్తు. అదీ ధనాత్మకమే. కనుక అవకలజం గుర్తును నిర్ణయించేది ab − x² ఒక్కటే. x² విలువ ab కన్నా తక్కువగా ఉన్నంతవరకు అవకలజం ధనాత్మకం, అంటే గోడ నుంచి వెనక్కి జరిగేకొద్దీ కోణం పెరుగుతుంది. దాటాక రుణాత్మకం, కోణం తగ్గుతుంది. రెండో అవకలజం కనుక్కునే శ్రమ అక్కర్లేదు. గుర్తు ఒకే చోట మారుతోంది కనుక అది నిజమైన గరిష్ఠమే, అదొక్కటే గరిష్ఠం.

కాబట్టి x = √(ab). నిలబడాల్సిన దూరం ఆ రెండు ఎత్తుల గుణోత్తర మధ్యమం. మన పటానికి √7200, సుమారు 85 సెంటీమీటర్లు. అక్కడ చూపుకోణం 19.47 డిగ్రీలు.

అవకలనం లేకుండానూ ఇదే జవాబు వస్తుంది. రెండు కోణాల తేడాకు టాన్ సూత్రం వాడితే tan θ = (b − a)/(x + ab/x) అవుతుంది. హారంలోని x, ab/x అనే రెండు సంఖ్యల లబ్ధం మారదు. లబ్ధం మారని రెండు ధనసంఖ్యల మొత్తం అవి సమానమైనప్పుడే కనిష్ఠం. హారం కనిష్ఠమైతే భిన్నం గరిష్ఠం. ఈ దారిలో ఒక మాట చెప్పి తీరాలి: θ లంబకోణం కన్నా చిన్నదే కనుక టాన్ పెరిగితే కోణమూ పెరుగుతుంది. ఆ వాక్యం రాయకుండా టాన్‌ను గరిష్ఠం చేసి కోణం గరిష్ఠమైందని చెబితే జవాబు సరైనదే అయినా నిరూపణలో ఖాళీ మిగులుతుంది.

కొన చదునుగా ఉంటుంది

85 సెంటీమీటర్లు అని తేలగానే టేపు పట్టుకుని కొలిచి నిలబడాలా? అంకెలు చూస్తే ఆ భయం తీరిపోతుంది. 70 సెంటీమీటర్ల దగ్గర చూపుకోణం 19.14 డిగ్రీలు. 100 దగ్గర 19.23. గరిష్ఠ విలువ 19.47 అయితే అటూ ఇటూ పదిహేను సెంటీమీటర్లు జరిగినా పోయేది డిగ్రీలో మూడో వంతు. కొండ శిఖరం మీద నాలుగు అడుగులు అటూ ఇటూ వేసినా ఎత్తు పెద్దగా మారనట్టే ఇదీ. గరిష్ఠం వద్ద అవకలజం సున్నా అన్న మాటకు చేతికందే అర్థం ఇదే: అక్కడ చిన్న జరుగుబాటుకు కోణం దాదాపు స్పందించదు.

దూరం బాగా మారితే మాత్రం తేడా తెలుస్తుంది. 30 సెంటీమీటర్ల దగ్గరికి పోతే కోణం 12.5 డిగ్రీలకు పడిపోతుంది. రెండు మీటర్ల దూరంలో 14.3, మూడు మీటర్ల దగ్గర 10.5.

ఈ అంకెల్లో ఒక జత గమనించదగ్గది. 60 సెంటీమీటర్ల దగ్గరా, 120 సెంటీమీటర్ల దగ్గరా కోణం ఒకటే: 18.43 డిగ్రీలు. ఇది కాకతాళీయం కాదు. పైన చెప్పిన హారంలో x బదులు ab/x పెడితే రెండు పదాలు చోట్లు మార్చుకుంటాయి గాని మొత్తం మారదు. కాబట్టి లబ్ధం 7200 అయ్యే ఏ రెండు దూరాల నుంచైనా పటం ఒకే కోణంలో కనిపిస్తుంది. 60, 120 అలాంటి జత. 72, 100 మరొకటి. ఈ జతలు దగ్గరవుతూ దగ్గరవుతూ చివరికి ఒకే బిందువుగా కలిసే చోటే 85.

మెడ ఎత్తాల్సిన కోణం

ఇప్పుడు ఈ ఉపన్యాసానికి మూలమైన విషయం. ఆ ఉత్తమ బిందువు వద్ద అడుగు అంచును చూడాలంటే చూపును 35.26 డిగ్రీలు పైకెత్తాలి. పై అంచుకు 54.74 డిగ్రీలు. ఆ రెండూ కలిపితే సరిగ్గా 90.

ఈ పటానికే కాదు, ఏ పటానికైనా అంతే. ఉత్తమ బిందువు వద్ద రెండు కోణాల టాన్‌ల లబ్ధం ab/x². అక్కడ x² = ab కనుక ఆ లబ్ధం ఒకటి. టాన్‌ల లబ్ధం ఒకటైతే ఆ కోణాలు పూరకాలు. అంటే చూపుకోణాన్ని సమంగా చీల్చే నడిమి చూపు ఎప్పుడూ కంటిమట్టానికి 45 డిగ్రీల పైకి ఉంటుంది. పటం చిన్నదైనా పెద్దదైనా, మేకు ఎంత ఎత్తున ఉన్నా, పొట్టివారైనా పొడుగువారైనా దీనికి మినహాయింపు లేదు.

ఇందులో రెండు ఫలితాలు దాగి ఉన్నాయి. మొదటిది లెక్క సరిచూసుకోవడానికి పనికొచ్చేది. నిలబడిన చోటు నుంచి పటం రెండు అంచులకూ ఎత్తు కోణాలు కొలిచి కలపాలి. వాలు చూపే సాధనం ఫోనులోనే ఉంటుంది. మొత్తం 90 కన్నా తక్కువైతే మరీ వెనక ఉన్నట్టు. ఎక్కువైతే మరీ ముందుకు వచ్చినట్టు. ఎత్తులు గాని, దూరం గాని కొలవనక్కర్లేదు.

విద్యార్థులు తరచుగా చేసే పొరపాటును కూడా ఈ పరీక్ష పట్టిస్తుంది. ఎత్తులను కంటిమట్టం నుంచి కాక నేల నుంచి తీసుకుంటే 210, 270 వస్తాయి. వాటి గుణోత్తర మధ్యమం 238. సూత్రం సరిగానే వాడారు, గుణకారమూ తప్పలేదు. కాని 238 సెంటీమీటర్ల దూరంలో ఎత్తు కోణాలు 14.15, 26.76. కలిపితే 41 డిగ్రీలు కూడా నిండవు. చూపుకోణం 12.6 డిగ్రీలే, అంటే దక్కాల్సిన దానిలో మూడో వంతు పోయింది. ఇదే తేడా ఒకే ఇంట్లో పెద్దలకూ పిల్లలకూ నడుమ కూడా ఉంటుంది. కన్ను ఒక మీటరు ఎత్తున ఉన్న పిల్లవాడికి అదే పటం అంచులు 110, 170 ఎత్తుల్లో ఉంటాయి. వాడు నిలబడాల్సింది 137 సెంటీమీటర్ల దూరంలో. అక్కడ కూడా వాడికి దక్కే కోణం 12.4 డిగ్రీలు మాత్రమే.

రెండో ఫలితం అంత సంతోషకరం కాదు. అవకలనం చూపించిన చోట నిలబడి పటాన్ని చూడాలంటే మెడను 45 డిగ్రీలు ఎత్తి ఉంచాలి. ఆ భంగిమలో ఎవరూ ఎక్కువసేపు నిలబడలేరు. గుమ్మం పైని పటాన్ని చూసేవారు తెలియకుండానే రెండు మూడు అడుగులు వెనక్కి జరగడానికి ఇదొక కారణం. ఇంకో కారణం పటంలోనే ఉంది. ఉత్తమ బిందువు నుంచి పటం అడుగు సగం 11.42 డిగ్రీలు ఆక్రమిస్తే పై సగం 8.05 డిగ్రీలే ఆక్రమిస్తుంది. నిలువెత్తు ఫొటో అయితే కాళ్లు సాగి, ముఖం కుంచించుకుపోతుంది. రెండు మీటర్ల దూరం నుంచి ఆ రెండు సగాలు 7.53, 6.74 డిగ్రీలు. మొత్తం కోణం తగ్గింది, కాని ముఖం శరీరంతో పోల్చితే దాదాపు తన నిష్పత్తికి వచ్చింది. గరిష్ఠ కోణం వేరు, మంచి చూపు వేరు. లెక్క మొదటిదానికే జవాబు చెప్పింది.

వృత్తం చెప్పే కారణం

గుణోత్తర మధ్యమమే ఎందుకు రావాలి? అవకలనం జవాబు ఇస్తుంది గాని కారణాన్ని కంటికి చూపించదు. దాన్ని చూపించేది వృత్తం.

పటం పై అంచు, అడుగు అంచు అనే రెండు బిందువుల గుండా పోతూ, చూసేవారి కంటిమట్టపు గీతను ఒకే బిందువు వద్ద తాకే వృత్తాన్ని ఊహించాలి. వృత్తం మీద ఒకే వైపున్న ఏ బిందువు నుంచి చూసినా ఆ పటం ఒకే కోణంలో కనిపిస్తుంది. ఒకే వృత్తఖండంలోని కోణాలు సమానమన్నది పదో తరగతి లోపే వచ్చే సిద్ధాంతం. వృత్తానికి వెలుపల నుంచి చూస్తే కోణం తగ్గుతుంది. కంటిమట్టపు గీత ఆ వృత్తానికి స్పర్శరేఖ కనుక, తాకే బిందువు తప్ప గీత మీది మిగతా బిందువులన్నీ వెలుపలే ఉన్నాయి. కాబట్టి తాకే బిందువే ఉత్తమం.

ఆ బిందువు దూరం యూక్లిడ్ మూడో గ్రంథంలోని ఒక సిద్ధాంతం నుంచి వెంటనే వస్తుంది. వెలుపలి బిందువు నుంచి గీసిన స్పర్శరేఖ పొడవు వర్గం, అదే బిందువు నుంచి గీసిన ఛేదనరేఖ రెండు ముక్కల లబ్ధానికి సమానం. ఇక్కడ వెలుపలి బిందువు, గోడ మీద కంటిమట్టం ఉన్న చోటు. ముక్కలు a, b. కాబట్టి x² = ab. చూపుకోణాన్నీ వృత్తం నేరుగా ఇస్తుంది. వ్యాసార్ధం (a + b)/2, అంటే 90. పటం ఎత్తులో సగం 30. కనుక sin θ = 30/90, మూడో వంతు. అదే 19.47 డిగ్రీలు. ఇందాకటి జతల రహస్యం కూడా ఇక్కడే ఉంది: కొంచెం పెద్ద వృత్తం గీస్తే అది కంటిమట్టపు గీతను రెండు చోట్ల ఖండిస్తుంది. 60, 120 అలాంటి రెండు చోట్లు.

సూత్రం ఎక్కడ చెల్లదు

అడుగు అంచు కంటిమట్టానికి పైన ఉండాలన్న షరతు ఇప్పుడు తేల్చాలి. మ్యూజియాల్లో బొమ్మలను సాధారణంగా వాటి నడిమి భాగం చూసేవారి కంటిమట్టానికి వచ్చేలా వేలాడదీస్తారు. అప్పుడు ఒక అంచు కంటికి పైన, మరొకటి కింద. a రుణాత్మకం, ab కూడా రుణాత్మకం, ab − x² ఎక్కడా సున్నా కాదు. అవకలజం అంతటా రుణాత్మకమే. అంటే దగ్గరికి వెళ్లేకొద్దీ కోణం పెరుగుతూనే ఉంటుంది, గోడను తాకబోయే వేళకు 180 డిగ్రీలను సమీపిస్తుంది. అక్కడ ఉత్తమ దూరం అనేదే లేదు. ప్యారిస్‌లోని మోనాలిసాకు ఈ సూత్రం వాడి దూరం చెప్పబోతే వర్గమూలం కింద రుణసంఖ్య వస్తుంది. లెక్క తప్పలేదు, ఆ ప్రశ్నకు అక్కడ చోటు లేదని గణితమే చెబుతోంది.

రెండో మినహాయింపు తెలుగు ఇళ్లలోనే ఉంది. గుమ్మం పైని పటాలను చాలామంది గోడకు ఆనించి కట్టరు. అడుగు అంచు గోడకు తగులుతూ, పై అంచు ముందుకు వంగి ఉండేలా తాడు వదిలి కడతారు. పటం నిలువుగా లేదు కనుక x² = ab అన్న సూత్రం నేరుగా పనికిరాదు. వృత్తం మాత్రం పనిచేస్తుంది.

అదే 60 సెంటీమీటర్ల పటం 15 డిగ్రీలు ముందుకు వంగి ఉందనుకుంటే, దాని గీతను కిందికి పొడిగించినప్పుడు అది గోడ వెనక 16 సెంటీమీటర్ల దగ్గర కంటిమట్టాన్ని తాకుతుంది. ఆ బిందువు నుంచి పటం గీత వెంట అడుగు అంచుకు 62.1, పై అంచుకు 122.1 సెంటీమీటర్లు. వాటి గుణోత్తర మధ్యమం 87.1. ఆ బిందువు గోడ వెనక ఉంది కనుక 16 తీసేస్తే గోడ నుంచి దూరం 71 సెంటీమీటర్లు. అక్కడ చూపుకోణం 24.6 డిగ్రీలు. నిలువు పటానికి దక్కిన 19.5 కన్నా అయిదు డిగ్రీలు ఎక్కువ. రెండు మీటర్ల దూరంలోనూ లాభమే: 14.3 బదులు 15.9. వంపు వల్ల పటం చూసేవారి వైపు ముఖం తిప్పుతుంది, పై సగం అణిగిపోవడం తగ్గుతుంది. మేకు కొట్టి తాడు వదిలిన పెద్దల చేతిలో అవకలనం లేకపోయినా, వారి పద్ధతి సమస్యలోని లోపాన్ని సరైన దిక్కులో సవరించింది.

మిలాన్‌లోని గోడ

కంటిమట్టానికి పైన మొదలయ్యే మహాచిత్రం ఒకటి ఇటలీలో ఉంది. మిలాన్‌లో సాంతా మరియా దెల్లె గ్రాత్సియె మఠపు భోజనశాల గోడ మీద లియొనార్డో డావిన్చి వేసిన ‘ఆఖరి విందు’. 1495 ప్రాంతంలో మొదలుపెట్టి 1498 నాటికి ముగించాడు. ఎత్తు 4.6 మీటర్లు, వెడల్పు 8.8 మీటర్లు. 1652లో ఆ గోడకు తలుపు తెరిచినప్పుడు చిత్రం అడుగు భాగం నడుమ కొంత కోత పడి, క్రీస్తు పాదాలు పోయాయి.

లెక్క కోసం చిత్రం అడుగు అంచు చూసేవారి కంటికి ఒక మీటరు పైన ఉందని తీసుకోవచ్చు. అప్పుడు a = 1, b = 5.6. గుణోత్తర మధ్యమం 2.37 మీటర్లు. అక్కడ చూపుకోణం 44 డిగ్రీలు, చాలా పెద్దది. కాని ఆ చోటు నుంచి చిత్రం అడుగు సగానికి 31 డిగ్రీలకు పైగా దక్కితే, పై సగానికి దక్కేది 13 డిగ్రీల లోపే. బల్ల మీది గుడ్డ విశాలంగా పరుచుకుంటుంది, పై కప్పు దూలాలు నలిగిపోతాయి.

ఇక్కడ నష్టం మామూలు పటం కన్నా ఎక్కువ. ఈ చిత్రం పరిదృశ్య నియమాలతో కట్టినది. పై కప్పు దూలాలు, పక్కగోడల తెరలు, అన్నిటి గీతలనూ పొడిగిస్తే అవి క్రీస్తు తల వద్ద ఒకే బిందువులో కలుస్తాయి. పరిదృశ్య చిత్రం ఆ బిందువుకు ఎదురుగా, అదే ఎత్తున కన్ను ఉన్నప్పుడే చిత్రకారుడు అనుకున్నట్టు కనిపిస్తుంది. ఆ బిందువు నేల మీద నిలబడిన మనిషి కంటికి చాలా ఎత్తున ఉంది. అంటే భోజనశాల నేల మీద ఎక్కడ నిలబడినా సరైన కంటిస్థానం దొరకదు. దూరం పెరిగితే మాత్రం ఆ లోటు చిన్నదవుతుంది. తొమ్మిది మీటర్ల దూరంలో చూపుకోణం 25.6 డిగ్రీలకు తగ్గినా, రెండు సగాలకూ 13.8, 11.8 డిగ్రీలు దక్కుతాయి. చిత్రం తన ఆకారానికి దగ్గరవుతుంది. 2.37 మీటర్ల బిందువు గోడ మీది రంగును, పగుళ్లను పరీక్షించేవారికి పనికొస్తుంది. విందును చూడవచ్చినవారికి తొమ్మిది మీటర్లే మేలు.

వెడల్పును కూడా లెక్కిస్తే

ఇంతవరకు పటానికి ఎత్తు మాత్రమే ఉన్నట్టు లెక్క సాగింది. రెజియోమాంటానస్ అడిగింది కడ్డీ గురించి కనుక అది న్యాయమే. పటానికి వెడల్పు కూడా ఉంది. కంటి ముందున్న దృశ్యంలో పటం ఎంత వైశాల్యాన్ని ఆక్రమిస్తుంది అని అడిగితే కొలత మారుతుంది. దాన్ని ఘనకోణం అంటారు.

చాలా సన్నని పటానికి ఘనకోణం (sin β − sin α)/x కు అనుపాతంలో ఉంటుంది. ఇక్కడ α, β అడుగు, పై అంచుల ఎత్తు కోణాలు. భాగహారంలోని x దగ్గరితనానికి అదనపు ప్రతిఫలం ఇస్తుంది. ఎందుకంటే దగ్గరికి వెళ్తే ఎత్తుతో పాటు వెడల్పు కూడా పెద్దగా కనిపిస్తుంది. ఇందాకటి 60, 120 అంకెలనే పెట్టి ఈ విలువను వేర్వేరు దూరాలకు కనుక్కుంటే గరిష్ఠం సుమారు 57 సెంటీమీటర్ల దగ్గర వస్తుంది, 85 దగ్గర కాదు. అంతులేని వెడల్పున్న పట్టీకి మాత్రం ఘనకోణం నిలువు చూపుకోణానికి అనుపాతంలో ఉంటుంది కనుక మళ్లీ 85 వస్తుంది. మామూలు వెడల్పున్న పటానికి జవాబు ఆ రెండింటి నడుమ ఉంటుంది. వెడల్పు పెరిగేకొద్దీ 57 నుంచి 85 వైపు జరుగుతుంది.

తరగతిలో చేయించదగ్గ అభ్యాసం ఇది. వెడల్పు 45 సెంటీమీటర్లుగా తీసుకుని, చదరపు గళ్ల కాగితం మీద దూరానికి ఎదురుగా ఘనకోణం గుర్తిస్తూ పోతే వక్రరేఖ కొన ఎక్కడ వస్తుందో తెలుస్తుంది. దాని పక్కనే కడ్డీకి సంబంధించిన వక్రరేఖ కూడా గీయాలి. ఒకే గోడ, ఒకే పటం, రెండు కొలతలు, రెండు వేర్వేరు కొనలు ఒకే కాగితం మీద కనిపిస్తాయి. పెద్దగా కనిపించడం అంటే ఏమిటన్న ప్రశ్నకు ఏ జవాబు ఎంచుకుంటే ఏ దూరం వస్తుందో ఆ కాగితం చూసి విద్యార్థులే చెప్పగలుగుతారు.